ఇంటి దూరం, లెక్కల మార్కులు: ప్రతిగమన రేఖ గీసి, అది చెప్పినంతే చెప్పడం ఎలా?

దూరం నుంచి వచ్చే పిల్లలకు మార్కులు తక్కువ వస్తాయన్న మాట ఉపాధ్యాయుల గదిలో తరచూ వినిపిస్తుంది. ఆ మాట నిజమో కాదో చూడాలంటే ప్రకాశం జిల్లా సింగరాయకొండ ప్రాంతంలోని ఏ ఉన్నత పాఠశాలలోనైనా ఒక్క తరగతి చాలు. బడి వెనక వీధిలో ఉండేవారు ఐదు నిమిషాల్లో నడిచి వస్తారు. పాకల వైపు తీర గ్రామాల నుంచి వచ్చేవారికి ఆటో కోసం నిలబడే సమయంతో కలిపి ముప్పావు గంట పట్టినా ఆశ్చర్యం లేదు. తొమ్మిదో తరగతి పిల్లలు తామే అంకెలు సేకరించి, తామే రేఖ గీసి, చివరికి నాలుగు వాక్యాల నివేదిక రాసే ప్రాజెక్టుకు ఇది చక్కగా సరిపోతుంది.

రేఖ గీయడం కష్టం కాదు, ఒక పూటలో నేర్పవచ్చు. ఆ నాలుగు వాక్యాలు సరిగ్గా రాయడమే కష్టం. ప్రాజెక్టులో ఎక్కువ సమయం దానికే కేటాయించండి.

అంకెలు ఎలా సేకరించాలి

ఇల్లు ఎన్ని కిలోమీటర్లని అడగకండి. ఇంటి గడప దాటినప్పటి నుంచి బడి గేటు చేరేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో అడగండి. రెండు ఊళ్లు ఒకే దూరంలో ఉన్నా, ఒక ఊరి నుంచి సైకిల్ మీద నేరుగా రావచ్చు, మరో ఊరి నుంచి జాతీయ రహదారి దాటడానికే సమయం పట్టవచ్చు. ఒక్క రోజు అంకె నమ్మదగినది కాదు కాబట్టి మూడు మామూలు రోజులు చూసి సగటు తీయించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు ఈ తీరాన్ని పట్టి ఉంచుతాయి. ఆ నెలల్లో కొలిచిన ప్రయాణ సమయం మిగతా ఏడాదికి పనికిరాదు.

మార్కులు మాత్రం అందరికీ ఒకే రోజు పెట్టి, ఒకే ఉపాధ్యాయుడు దిద్దిన పరీక్షవే కావాలి. రెండు సెక్షన్లకు వేర్వేరు ప్రశ్నపత్రాలు ఇచ్చి ఉంటే వాటిని కలపవద్దు. పరీక్షకు రానివారు ఎందరో, వారు ఎటువైపు నుంచి వచ్చేవారో పక్కన రాసి పెట్టండి. దూరంవారే ఎక్కువగా గైర్హాజరై ఉంటే, మీ చేతికి వచ్చిన అంకెలు తరగతి మొత్తానికి ప్రతినిధులు కావు.

పట్టికలో పేర్లు వద్దు, హాజరు పట్టీ సంఖ్యలు కూడా వద్దు. మీరే కొత్త వరుస సంఖ్యలు ఇవ్వండి. మార్కులు, ఇంటి పరిస్థితి ఒకేచోట కనిపించే కాగితం కదా, తరగతి గోడ మీదికి ఎక్కే అవకాశమూ ఉంది. నిమిషాలు, మార్కులతో పాటు ఇంకో రెండు గడులు ఇప్పుడే గీసుకోండి: దేనిలో వస్తారు, సాయంత్రం ట్యూషన్‌కు వెళతారా. వాటి అవసరం తర్వాత వస్తుంది, కానీ తర్వాత అడుగుదామంటే ఆ సమాచారం దొరకదు.

ఇక్కడ పది మందితో లెక్క చేసి చూపిస్తాను. ఇవి అభ్యాసం కోసం కల్పించిన అంకెలు, ఏ బడి రికార్డు నుంచీ తీసుకున్నవి కావు. మార్కులు 50కి.

| వరుస సంఖ్య | ప్రయాణం (నిమిషాలు) | మార్కులు |
|---|---|---|
| 1 | 5 | 38 |
| 2 | 10 | 33 |
| 3 | 15 | 39 |
| 4 | 20 | 34 |
| 5 | 25 | 26 |
| 6 | 35 | 36 |
| 7 | 40 | 23 |
| 8 | 45 | 24 |
| 9 | 50 | 21 |
| 10 | 55 | 26 |

లెక్కకు ముందు చుక్కలు

గ్రాఫు కాగితం మీద అడ్డంగా నిమిషాలు, నిలువుగా మార్కులు తీసుకుని పది చుక్కలు పెట్టించండి. ఇది అయ్యేదాకా కాలిక్యులేటర్ ముట్టనివ్వకండి. చుక్కలు వంపు తిరిగి ఉంటే తిన్నని రేఖ వాటికి తగదు. ఒక చుక్క మిగతావాటికి ఎంతో దూరంగా ఉంటే, ముందు అది రాతలో తప్పేమో చూడాలి. చుక్కలు రెండు గుంపులుగా విడిపోయి ఉంటే ఎందుకని అడగాలి. సూత్రంలో వేసి తీసిన ఒక్క అంకెలో ఇవేవీ కనిపించవు.

మన చుక్కలు ఎడమ నుంచి కుడికి కిందికి దిగుతున్నాయి. వంపు లేదు. 6వ చుక్క మాత్రం తన చుట్టుపక్కల వాటికంటే ఎత్తులో ఉంది. దాన్ని గుర్తుపెట్టుకోండి.

రేఖ గీయడం

చుక్కల మధ్య నుంచి ఎవరికి తోచిన రేఖ వారు గీయవచ్చు. వాటిలో ఒకదాన్ని ఎంచడానికి ఒక నియమం కావాలి. ప్రతి చుక్క నుంచి రేఖకు నిలువుగా ఎంత దూరమో కొలిచి, ఆ దూరాలను వర్గం చేసి కూడితే, ఆ మొత్తం ఏ రేఖకు అన్నిటికంటే తక్కువో అదే మన ప్రతిగమన రేఖ. అందుకే దీనికి కనిష్ఠ వర్గాల పద్ధతి అని పేరు. తోకచుక్కల కక్ష్యలు లెక్కించే పనిలో ఫ్రెంచి గణితవేత్త లెజాండ్ర్ 1805లో దీన్ని ప్రచురించాడు. దూరాన్ని నిలువుగానే కొలవడానికి కారణం, మనం అంచనా వేయాలనుకుంటున్నది మార్కులను కావడం. నిమిషాలు తెలిసినవి, మార్కులు అంచనా వేయవలసినవి.

చేత్తో చేయడానికి ముందు సగటులు తీయండి. నిమిషాల మొత్తం 300, సగటు 30. మార్కుల మొత్తమూ 300, సగటు 30. తర్వాత ఒక్కొక్కరు సగటుకు ఎంత ఎడంగా ఉన్నారో రాయండి. 1వ విద్యార్థి నిమిషాల్లో సగటుకు 25 తక్కువ, మార్కుల్లో 8 ఎక్కువ. ఈ రెండిటి లబ్ధం −200. 6వ విద్యార్థి నిమిషాల్లో 5 ఎక్కువ, మార్కుల్లో 6 ఎక్కువ, లబ్ధం +30. ఇలా పది లబ్ధాలూ కూడితే −825 వస్తుంది. నిమిషాల ఎడాలను వర్గం చేసి కూడితే 2750. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వాలు: −0.3.

రేఖ ఎప్పుడూ రెండు సగటులు కలిసే బిందువు గుండా పోతుంది కాబట్టి మిగిలింది సులువు. 30 నిమిషాల దగ్గర 30 మార్కులు కావాలంటే మొదలు, అంటే సున్నా నిమిషాల దగ్గర, 39 ఉండాలి.

```
అంచనా మార్కులు = 39 − 0.3 × నిమిషాలు
```

కంప్యూటర్ గదిలో స్ప్రెడ్‌షీట్ ఉంటే నిమిషాలు B వరుసలో, మార్కులు C వరుసలో ఉంచి సరిచూసుకోండి.

```
=SLOPE(C2:C11,B2:B11)
=INTERCEPT(C2:C11,B2:B11)
=CORREL(C2:C11,B2:B11)
```

మొదటి రెండు సూత్రాల్లో మార్కుల వరుస ముందు రావాలి. తారుమారు చేస్తే వాలు −0.3 బదులు సుమారు −2.04 చూపిస్తుంది. అది మార్కుల నుంచి నిమిషాలను అంచనా వేసే వేరే రేఖ. ఆ వాలును నమ్మితే 10 నిమిషాల తేడాకు 20 మార్కుల తేడా ఉండాలి, చుక్కల్లో అదెక్కడా లేదు. పిల్లలు ఈ పొరపాటును గ్రాఫు చూసే పట్టుకోగలరు.

మూడో సూత్రం సహసంబంధ గుణకాన్ని, అంటే చుక్కలు తిన్నని రేఖకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకెను ఇస్తుంది. చేత్తో అయితే మార్కుల ఎడాల వర్గాల మొత్తం, అంటే 404, కూడా కావాలి. 2750ని 404తో గుణించి, వర్గమూలం తీసి, దానితో −825ను భాగిస్తే సుమారు −0.78. ఇందులో వరుసలు తారుమారైనా విలువ మారదు. ఏది ముందు, ఏది వెనుక అన్నది సహసంబంధానికి పట్టదు. ఏది కారణం, ఏది ఫలితం అన్న ప్రశ్నకు అది జవాబు కాలేదనడానికి ఇదొక్కటే చాలు.

అంకెలను చదవడం

ఇప్పుడు −0.3ను మాటల్లో చెప్పాలి. పిల్లలు వెంటనే రాసే వాక్యం ఇలా ఉంటుంది: "ప్రయాణం 10 నిమిషాలు పెరిగితే మార్కులు 3 తగ్గుతాయి." ఈ వాక్యాన్ని దిద్దకుండా వదలకండి. ఇందులో ఒకే విద్యార్థి ప్రయాణం పెరిగి, ఆ విద్యార్థి మార్కులే తగ్గినట్టుంది. మన దగ్గర అలాంటి సమాచారం ఒక్క చుక్క కూడా లేదు. ఎవరి ప్రయాణాన్నీ మనం పెంచలేదు, తగ్గించలేదు. వేర్వేరు పిల్లలను ఒకరి పక్కన ఒకరిని పెట్టి చూశాం, అంతే.

దాని బదులు ఇలా రాయించండి: "ఈ పది మందిలో, ప్రయాణ సమయం 10 నిమిషాలు ఎక్కువ ఉన్నవారి అంచనా మార్కులు సగటున 3 తక్కువ." పెరగడం, తగ్గడం పోయి ఎక్కువ ఉండటం, తక్కువ ఉండటం వచ్చాయి. ఎవరి గురించి మాట్లాడుతున్నామో కూడా వాక్యంలోనే ఉంది. "ప్రభావం", "వల్ల", "కారణంగా", "దెబ్బతీస్తుంది" అనే మాటలు నివేదికలో ఎక్కడ కనిపించినా ఎర్ర సిరాతో చుట్టి, దీనికి ఆధారం ఏ గడిలో ఉందో చూపించమని అడగండి.

39 అనే అంకె విషయంలోనూ జాగ్రత్త కావాలి. ప్రయాణం సున్నా అయితే 39 మార్కులని రేఖ చెబుతుంది. ప్రయాణం సున్నా అంటే బడి ఆవరణలోనే హాస్టల్ ఉండి, అందులో ఉండే విద్యార్థి. అలాంటివారు మన పట్టికలో లేరు. రెండో కొసన 130 నిమిషాలు వేస్తే సున్నా మార్కులు వస్తాయి, 150 వేస్తే −6 వస్తాయి. మన అంకెలు 5 నుంచి 55 నిమిషాల మధ్యవి, రేఖ కూడా అక్కడికే పనికొస్తుంది. గ్రాఫు మీద దాన్ని ఆ రెండు కొసల దగ్గరే ఆపమనండి.

ఇక −0.78. చుక్కలు రేఖకు దగ్గరగానే ఉన్నాయని, దిగువకు వాలి ఉన్నాయని దాని అర్థం. దీన్ని వర్గం చేస్తే సుమారు 0.61 వస్తుంది. దీన్ని "61 శాతం మార్కులకు దూరమే కారణం" అని రాసేవారున్నారు. అది తప్పు. అందరికీ సగటు 30నే అంచనాగా ఇచ్చి ఉంటే తప్పుల వర్గాల మొత్తం 404 అయ్యేది. రేఖతో అంచనా వేస్తే అది 156.5కు దిగింది, అంటే సుమారు 61 శాతం తగ్గింది. ఆ శాతం అంచనాలో తగ్గిన తప్పు గురించినది మాత్రమే.

మిగిలినవాటిని చూడటం

అసలు మార్కుల్లోంచి రేఖ ఇచ్చిన అంచనా తీసివేస్తే మిగిలేది అవశేషం. చాలా ప్రాజెక్టులు ఇక్కడిదాకా రాకుండానే ఆగిపోతాయి. నా దృష్టిలో ప్రాజెక్టు మొదలయ్యేదే ఇక్కడ.

6వ విద్యార్థిని తీసుకోండి. 35 నిమిషాలకు రేఖ అంచనా 28.5, వచ్చినవి 36. అవశేషం +7.5. 5వ విద్యార్థికి 25 నిమిషాలకు అంచనా 31.5, వచ్చినవి 26. అవశేషం −5.5. 6వ విద్యార్థి పది నిమిషాలు ఎక్కువ దూరం నుంచి వచ్చి పది మార్కులు ఎక్కువ తెచ్చుకున్నారు.

రేఖకు అడ్డం వస్తోందని 6వ చుక్కను తీసేయాలనిపిస్తుంది. తీసేస్తే సహసంబంధం −0.78 నుంచి −0.86కు చేరి, గ్రాఫు ముచ్చటగా కనిపిస్తుంది కూడా. కానీ రాతలో తప్పు లేనప్పుడు ఆ చుక్కను తీసేయడానికి మనకు హక్కు లేదు. పైగా ఈ పది మందిలో మనకు ఎక్కువ చెప్పేది ఆ ఒక్క విద్యార్థే.

ముందుగా గీసి పెట్టుకున్న ట్యూషన్ గడిని ఇప్పుడు తెరవండి. మన పట్టికలో 1, 2, 3, 4, 6 సంఖ్యలవారు సాయంత్రం ట్యూషన్‌కు వెళతారు, మిగతా ఐదుగురు వెళ్లరు. వెళ్లేవారి చుక్కలకు నీలం రంగు, వెళ్లనివారికి ఎరుపు వేయించండి. నీలం చుక్కల్లో నాలుగు రేఖకు పైన, ఎరుపు చుక్కల్లో నాలుగు రేఖకు కింద కనిపిస్తాయి. అవశేషాలు ఇలా రంగుల వారీగా పైకీ కిందికీ విడిపోయాయంటే, రేఖ పట్టించుకోని విషయమేదో అంకెల్లో ఉంది.

ఇప్పుడు ఏ రంగుకు ఆ రంగు విడిగా రేఖ గీయండి. నీలం ఐదుగురిలో వాలు సుమారు −0.03, ఎరుపు ఐదుగురిలో సుమారు −0.06. అంటే 10 నిమిషాల తేడాకు ఒక మార్కు తేడా కూడా లేదు. నీలం వారి సగటు 36, ఎరుపు వారి సగటు 24. మొదటి రేఖ అంత నిటారుగా వాలడానికి ప్రధాన కారణం, దగ్గరివారిలో ఎక్కువ మంది నీలం కావడం, దూరంవారిలో ఎక్కువ మంది ఎరుపు కావడం.

ఈ విడి వాలులను కూడా మరీ గట్టిగా పట్టుకోకండి. 6వ విద్యార్థికి 36 బదులు 37 వచ్చి ఉంటే నీలం వాలు గుర్తు మారి ధనాత్మకమయ్యేది. ఐదుగురితో వచ్చిన వాలుకు ఉండే బలం అంతే. పిల్లలతో ఈ ఒక్క మార్కూ మార్పించి మళ్లీ లెక్క వేయించండి, చెప్పడం కంటే బాగా అర్థమవుతుంది.

ఇక్కడే రెండోసారి జారిపడతారు

రంగులు చూడగానే తరగతి అంతా "అయితే కారణం దూరం కాదు, ట్యూషన్" అంటుంది. దూరం విషయంలో చేయకుండా ఆపిన తప్పే మళ్లీ చేస్తున్నారు. ఇవే పది చుక్కలు కనీసం మూడు వేర్వేరు కథలకు సరిపోతాయి. వాటిని బోర్డు మీద బాణాలు గీసి చూపండి.

ఒక కథలో రెండిటి వెనకా ఇంటి పరిస్థితి ఉంది. ఊళ్లో ఉద్యోగం ఉన్న కుటుంబం బడికి దగ్గరలో ఇల్లు అద్దెకు తీసుకుంటుంది, ట్యూషన్ ఫీజూ కట్టగలుగుతుంది. చేపల వేట మీదో కూలి మీదో బతికే కుటుంబం పని ఉన్నచోటే ఉంటుంది. ఇంటి దగ్గర చదువు చెప్పేవారు ఉన్నారా, చదువుకోవడానికి చోటు ఉందా అన్నవి కూడా దీనితోనే ముడిపడి ఉంటాయి. ఈ కథలో దూరమూ ట్యూషనూ రెండూ ఆ పరిస్థితికి గుర్తులు మాత్రమే.

రెండో కథలో దూరమే అసలు కారణం, కానీ అది ట్యూషన్ గుండా పనిచేస్తుంది. ట్యూషన్ ముగిసేసరికి చీకటి పడితే, పాకల వెళ్లవలసిన విద్యార్థికి ఇంటికి చేరే ఆటో దొరకదు. అందుకే చేరలేదు. ఇదే నిజమైతే, రంగుల వారీగా విడదీయడం వల్ల దూరం పని మాయమైనట్టు కనిపించింది కానీ నిజంగా మాయం కాలేదు. మూడో విషయాన్ని లెక్కలోకి తీసుకోవడం ఎప్పుడూ మంచిదే అనుకునేవారు ఈ కథ దగ్గర కాసేపు ఆగాలి. ఆ విషయం కారణానికి వెనక ఉందో, కారణానికీ ఫలితానికీ మధ్య దారిలో ఉందో తెలియకుండా విడదీస్తే, ఉన్న సంబంధాన్నే తుడిచేసే ప్రమాదం ఉంది.

మూడో కథలో బాణం తిరగబడుతుంది. లెక్కల్లో ముందునుంచీ బాగా ఉన్నవారినే తల్లిదండ్రులు ట్యూషన్‌కు పంపుతున్నారేమో. అప్పుడు మార్కులను బట్టి ట్యూషన్ వచ్చింది కానీ ట్యూషన్‌ను బట్టి మార్కులు రాలేదు.

ఈ మూడిటిలో ఏది నిజమో −0.78 చెప్పదు, −0.03 కూడా చెప్పదు. ఇంకా ఎన్ని దశాంశ స్థానాలు తీసినా చెప్పవు. అది తెలియాలంటే అంకెలు ఎలా పుట్టాయో తెలియాలి, అంటే పిల్లలను అడగాలి: ట్యూషన్‌కు ఎందుకు వెళ్లడం లేదు? ఫీజు కట్టలేకా, ఆటో దొరకకా, అవసరం లేదనా? ఎప్పుడు చేరారు? చేరకముందు వచ్చిన మార్కులు ఎన్ని?

నివేదికలో రాయవలసిన నాలుగు వాక్యాలు

నేనైతే ఇలా రాయిస్తాను:

"మా తరగతిలో పది మందిని చూశాం. ప్రయాణం 5 నుంచి 55 నిమిషాల మధ్య ఉన్న వీరిలో, 10 నిమిషాలు ఎక్కువ ప్రయాణించేవారి అంచనా మార్కులు సగటున 3 తక్కువ, సహసంబంధం −0.78. ట్యూషన్‌కు వెళ్లేవారిని, వెళ్లనివారిని విడివిడిగా చూసినప్పుడు ఈ తేడా దాదాపు కనిపించలేదు, కానీ ఒక్కో గుంపులో ఐదుగురే ఉన్నారు. ప్రయాణమో ట్యూషనో మార్కులను మారుస్తుందని ఈ అంకెలతో చెప్పలేం."

ప్రధానోపాధ్యాయుడో తల్లిదండ్రులో "అయితే ఏం చేయమంటారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి రేఖను ఇంకా సాగదీసి జవాబు చెప్పకుండా, జవాబు దొరికే కొలత ఏదో చెప్పండి. ఏదైనా ఊరికి బస్సు వేళ మారినా, కొత్త ఆటో మొదలైనా అది మంచి అవకాశం. ఆ ఊరి పిల్లల మార్కులు మార్పుకు ముందు, తర్వాత తీసుకోండి. అదే కాలంలో ప్రయాణం మారని మరో ఊరి పిల్లల మార్కులూ తీసుకోండి. రెండో పరీక్ష తేలికగా ఉంటే అందరి మార్కులూ పెరుగుతాయి. కాబట్టి చూడవలసింది మొదటి ఊరివారు ఎంత పెరిగారన్నది కాదు, రెండో ఊరివారికంటే ఎంత ఎక్కువ పెరిగారన్నది. అప్పుడు కూడా ఆ రెండు ఊళ్ల మధ్య అదే సమయంలో ఇంకేమీ మారలేదని అడిగి తెలుసుకోవాలి. అందుకోసం వచ్చే ఏడాది పట్టికలో మరో నాలుగు గడులు కలపండి: ఊరు, కిందటి తరగతి లెక్కల మార్కులు, ట్యూషన్‌లో చేరిన నెల, చేరకపోతే ఎందుకు చేరలేదన్నది.